చిరాకు నుంచి సరుకు – మూడో పాఠం: ఒక్క చిరాకును విప్పి చూడడం

మొదటి రెండు పాఠాల్లో చిరాకుల పుస్తకం పెట్టుకున్నాం. రోజూ మనకు విసుగు పుట్టించిన సంగతులను అక్కడికక్కడే రాసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఈ పాటికి మీ పుస్తకంలో కొన్ని పేజీలు నిండి ఉంటాయి. ఈ పాఠంలో వాటిలో ఒక్క దాన్ని పట్టుకుని అడుగుదాకా వెళ్దాం. నేను ఎంచుకున్నది తిరుపతిలో ఏ వీధిలోనైనా వినిపించేదే: వంట మధ్యలో గ్యాస్ అయిపోవడం.

దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, వినగానే అందరికీ ఒకే వస్తువు తోస్తుంది. సిలిండర్ కింద పెట్టే మీటర్, గ్యాస్ ఎంత మిగిలిందో చూపించేది. అలాంటివి మార్కెట్లో ఇప్పటికే ఉన్నాయి. మరి మీ వీధిలో ఎన్ని ఇళ్లలో కనిపిస్తున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఈ పాఠం వచ్చినట్టే.

ముందు పుస్తకంలో రాసిన తీరు చూద్దాం. చాలామంది ఇలా రాస్తారు: "సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో తెలిసే మీటర్ లేదు." ఇది చిరాకు కాదు, మనసులో అప్పుడే తయారైపోయిన వస్తువు. ఇలా రాస్తే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. జరిగింది జరిగినట్టు రాయాలి. నా పుస్తకంలో ఉన్నది ఇది: "ఆదివారం పొద్దున. కొండకు పోవడానికి మదనపల్లె నుంచి బంధువులు వచ్చారు. ఒక వాయి ఇడ్లీ దిగింది, రెండో వాయికి మంట ఆరిపోయింది. రెండో సిలిండర్ ఉందిలే అనుకుంటే అదీ ఖాళీదే. పోయినసారి మార్చిన రోజు బుక్ చేయలేదు. పక్కింటి అక్క వాళ్ల సిలిండర్ తెచ్చి పెట్టాం."

ఇప్పుడు దీన్ని మళ్లీ చదవండి. మా ఇంట్లో రెండు సిలిండర్లు ఉన్నాయి. ఒకటి అయిపోతే రెండోది తగిలించుకోవడం రెండు నిమిషాల పని. కాబట్టి గ్యాస్ ఎంత మిగిలిందో తెలియకపోవడం మా చిక్కే కాదు. సిలిండర్ మార్చిన రోజే బుక్ చేయడం మరిచిపోయాం, చిక్కంతా అక్కడుంది. మీటర్ కొని పెట్టినా ఆ ఆదివారం అలాగే జరిగేది. మా ఇంటికి కావలసింది రెగ్యులేటర్ పక్కన బుకింగ్ నంబరు రాసి అంటించిన చిన్న కాగితం. అమ్మడానికి అందులో ఏమీ లేదు. రెండు సిలిండర్ల ఇళ్లను లెక్కలోంచి తీసేయవచ్చు.

రెండో మెట్టు, ఇదే చిరాకు ఉన్న మరికొందరి దగ్గరికి వెళ్లడం. ఇక్కడ అడిగే పద్ధతి ముఖ్యం. "గ్యాస్ మీటర్ ఉంటే కొంటారా?" అని అడిగితే, మొహమాటానికైనా "కొంటాం" అంటారు. దానికి విలువ లేదు. "పోయినసారి గ్యాస్ అయిపోయినప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. జరిగిపోయిన దాని గురించి చెప్పేటప్పుడు మనిషికి కల్పించాల్సిన అవసరం ఉండదు.

బైరాగిపట్టెడలో ఒకే సిలిండర్‌తో నడిపే ఒక ఇంట్లో అడిగాను.

"పోయినసారి అయిపోయినప్పుడు ఏం చేశారక్కా?"

"ఏం చేస్తాం, రెండు రోజులు హోటల్ నుంచి తెచ్చుకున్నాం. బుక్ చేస్తే రావడానికి మూడు రోజులు పడతాది కదా."

"అయిపోయేదానికి ముందే బుక్ చేయొచ్చు కదా?"

"చేస్తే వాళ్లు తొందరగా తెచ్చేస్తారు అబ్బా. అప్పుడు ఉండేది ఇచ్చేయాల. దాంట్లో గ్యాస్ మిగిలుంటే అదీ పోతాది. దుడ్లు పెట్టి కొన్నది ఊరికే ఎట్లా ఇచ్చేది?"

ఈ మాట కోసమే తిరగాలి. ఒక్క సిలిండర్ ఉన్నవాళ్లు పాతది ఇస్తేనే కొత్తది వస్తుంది. ముందుగా బుక్ చేస్తే మిగిలిన గ్యాస్ పోతుంది, ఆలస్యంగా చేస్తే పొయ్యి వెలగదు. ఆమె చిక్కు "ఎంతుంది?" అన్నది కాదు, "ఏ రోజు బుక్ చేయాలి?" అన్నది. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, వాటికి తయారయ్యే వస్తువులు వేరు.

వీధి చివర టిఫిన్ బండి నడిపే అన్నకు ఈ బాధ లేదు. ఆయన వాడేది 19 కేజీల కమర్షియల్ సిలిండర్. రోజూ అదే పిండి, అవే దోసెలు కాబట్టి ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పగలడు, పక్కన ఇంకోటి పెట్టుకుంటాడు. గదుల్లో ఉండే విద్యార్థులది 5 కేజీల చిన్న సిలిండర్, చేత్తో ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది. అందరూ గ్యాస్ గురించే మాట్లాడారు, కానీ అసలు అవసరం కనిపించింది ఒక్క రకం ఇంట్లోనే.

చిరాకును ఇలా విప్పడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మన తెలుగువాళ్ల ఉదాహరణే ఉంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరికి పోవడానికి ఫణీంద్ర సామాకు బస్సు టికెట్ దొరకలేదు. బస్సులు చాలవు అని రాసుకుని ఉంటే ఆయన చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆయన ఏజెంట్లను అడిగి పని ఎలా నడుస్తుందో తెలుసుకున్నారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో టికెట్లు అమ్మే ఏజెంట్‌కే తెలియదు, ఫోన్ చేసి కనుక్కోవాలి. సీటు ఎక్కడో ఉండొచ్చు, ఆ సంగతి అడిగినవాడికి చేరడం లేదు. 2006లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన రెడ్‌బస్ ఆ ఖాళీని పట్టుకునే పుట్టింది.

మళ్లీ మన అక్క వంటింట్లోకి వద్దాం. మూడో మెట్టు, జనం ఇప్పటికే ఏ ఉపాయం చేస్తున్నారో చూడడం. ఒక ఉపాయం ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ చెయ్యిస్తోంది అన్నది గమనిస్తే మన వస్తువు ఏ పని చేయాలో తెలుస్తుంది.

కొందరు సిలిండర్‌ను తడిగుడ్డతో తుడిచి చూస్తారు. లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, పైన ఆవిరి మాత్రమే ఉన్న భాగం తొందరగా ఆరిపోతుంది. రెంటికీ మధ్య గీత కనిపిస్తుంది. సగం ఉందా, పావు ఉందా అని తెలుసుకోవడానికి ఇది చాలు. కానీ అక్కకు కావలసింది చివరి నాలుగు రోజుల లెక్క, అది ఆ గీతలో తేలదు.

ఎక్కువమంది చేసేది క్యాలెండర్‌లో తగిలించిన తేదీ రాసుకోవడం. దీన్ని తక్కువగా చూడకండి. ఇంట్లో వాడకం ఒకేలా ఉంటే దీన్ని మించింది లేదు. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కేజీలు. నలభై రోజులు వస్తే రోజుకు 355 గ్రాములు పడుతున్నట్టు. కానీ తిరుపతిలో ఇల్లంటే కొండకు వచ్చే బంధువుల ఇల్లు కూడా. ఆరుగురు వచ్చి రెండు రోజులుంటే నీళ్లు కాచడం, టిఫిన్లు, భోజనాలతో క్యాలెండర్ లెక్క తప్పిపోతుంది. లెక్క తప్పింది ఏ నెలల్లో అని అడిగితే, అక్క ఇంటికి మనుషులు వచ్చిన నెలలే చెప్పింది.

కాబట్టి మనం వెతుకుతున్న ఇల్లు ఇప్పుడు స్పష్టం: సిలిండర్ ఒకటే ఉండాలి, వాడకం నెలనెలా మారాలి, బుక్ చేశాక రోజులు పట్టాలి. ఈ మూడూ కలిసినచోటే బరువు చూసుకోవడంలో లాభముంది.

లెక్క వేద్దాం. బుక్ చేశాక మూడు రోజులు, చేతిలో ఒక రోజు ఎక్కువ, మొత్తం నాలుగు రోజులు. నాలుగు సార్లు 355 అంటే సుమారు 1.4 కేజీలు. గ్యాస్ అంతకు దిగిన రోజే బుక్ చేసే రోజు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది, ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా. అది 15.8 అనుకుంటే, మొత్తం బరువు 17.2 కేజీలు చూపిన రోజు ఫోన్ చేయాలి.

సిలిండర్ మారిన ప్రతిసారీ ఆ అంకె మారుతుంది. కింద పెట్టే మీటర్లలో చాలామంది విసిగిపోయేది ఇక్కడేనని నా నమ్మకం. వంగి, ఆ అంకె వెతికి, మళ్లీ ఎక్కించాలి. దీనికి సులువు ఉంది. నిండు సిలిండర్ తెచ్చిన రోజు బరువు చూసి, అందులోంచి 14.2 తీసేస్తే ఖాళీ బరువు వచ్చేస్తుంది. పనిలో పనిగా, సిలిండర్ మీది అంకెతో పోలిస్తే గ్యాస్ సరిగా నింపారో లేదో కూడా తెలుస్తుంది.

ఇంకో చిక్కు చౌక సెన్సర్లది. వారాల తరబడి అదే బరువు మోస్తూ ఉంటే వాటి రీడింగ్ మెల్లగా జారుతుంది, వంటింటి వేడికి కూడా మారుతుంది. ముప్ఫై కేజీల మీద అరకేజీ తేడా పట్టుకోవాల్సిన చోట ఆ జారుడు కొంపముంచుతుంది. అంటే ఎప్పుడూ కింద ఉండే మీటర్ కన్నా, వారానికోసారి బరువు చూసి తీసేసే పద్ధతే నమ్మకం. అది కుదరాలంటే సిలిండర్‌ను ఒక్క మనిషి, నడుం పట్టకుండా, తూకం మీదికి జరపగలగాలి. ఇప్పుడు వస్తువు రూపం కొద్దిగా కనబడుతోంది: సెన్సర్ కాదు, సిలిండర్‌ను తూకం మీదికి జరపడానికి వాలుగా ఉన్న పలక, పక్కన అంకె రాసుకునే చోటు.

ఒక హద్దు గట్టిగా పెట్టుకోండి. వాల్వ్, రెగ్యులేటర్, గొట్టం, వీటిని ముట్టే ఏ ఆలోచనా మొదటి ప్రయత్నానికి వద్దు. గ్యాస్ లీకైతే ప్రాణాల మీదికి వస్తుంది.

ఏదీ తయారు చేయకముందే దీన్ని పరీక్షించవచ్చు. మనుషుల బరువు చూసే మామూలు తూకం ఒకటి అక్కకు ఇచ్చాను. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, గొట్టం లాగకుండా వదులుగా ఉంచి, సిలిండర్‌ను తూకం మధ్యలో నిలబెట్టాలి. గొట్టం ఒత్తితే అంకె తప్పు చూపిస్తుంది. ఆదివారం ఆదివారం అంకె గోడ మీది కాగితంలో రాయమన్నాను. ఒక సిలిండర్ అయిపోయేదాకా ఆమె మానకుండా రాస్తే చిరాకు నిజంగా పెద్దదే. రెండో వారానికే కాగితం ఖాళీగా ఉంటే, హోటల్ టిఫిన్ ఆమెకు అంత భారం కాదన్నమాట, నేను పుస్తకంలో వేరే పేజీకి పోవాలి. సిలిండర్ జరపడం కష్టమని మానేస్తే మాత్రం అది వేరే కబురు, పలక అవసరమని తేలినట్టు.

ఈ వారం ఇంటిపని: మీ పుస్తకంలో ఒక చిరాకు తీసుకోండి. అందులో వస్తువు పేరు ఉంటే కొట్టేసి, జరిగింది జరిగినట్టు తిరగరాయండి. అదే చిరాకు ఉన్న ముగ్గురిని, మీ ఇంటికి పోలిక లేని ఇళ్లవాళ్లను ఎంచుకుని, పోయినసారి ఏం జరిగిందో అడగండి. వాళ్లు చేస్తున్న ఉపాయం ఏ రోజు పనిచేయలేదో ప్రత్యేకంగా రాసుకోండి. నాలుగో పాఠంలో అక్క గోడ మీది కాగితం చూసి, పలకను అట్టముక్కతో చేయడం మొదలుపెడదాం.