అమెరికా విమానం ఎక్కేముందు పిల్లల పాస్‌పోర్టు గడువు చూసుకోండి

హెచ్-1బి మీద హైదరాబాద్ నుంచి కుటుంబంతో వెళ్లేవాళ్లు చాలామంది వీసా స్టాంపు మీది తేదీ చూసుకుని ధైర్యంగా ఉంటారు. అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఆ తేదీ కాదు, ఐ-94 రికార్డులో ఉండే తేదీ. దాన్ని పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో, అంటే అమెరికా అధికారి మిమ్మల్ని తనిఖీ చేసి లోపలికి అనుమతించే చోట, ఒక్కొక్కరికీ విడిగా ఇస్తారు.

శంషాబాద్‌లో ఎక్కి, దోహాలో మారి, షికాగోలో దిగి, అక్కడి నుంచి కొలంబస్ వెళ్తే మీ పోర్ట్ ఆఫ్ ఎంట్రీ షికాగో. ఫారాల్లో ఇల్లున్న ఊరు కదా అని కొలంబస్ రాయకండి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా తనిఖీ అక్కడే పూర్తికావచ్చు, కాబట్టి కాగితాలు చేతిసంచిలోనే ఉంచుకోండి.

అసలు చిక్కు ఇక్కడ. భర్తకు కంపెనీ పిటిషన్ 2027 సెప్టెంబర్ దాకా ఉంది, పాపకు కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా కూడా అప్పటిదాకా ఉంది అనుకుందాం. కానీ పాప పాస్‌పోర్టు 2026 మార్చిలో అయిపోతుంది. చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు గనుక ఇలా జరగడం మామూలే. అప్పుడు అధికారి పాప ఐ-94ను సాధారణంగా పాస్‌పోర్టు గడువు దగ్గరే ఆపేస్తారు. తర్వాత అమెరికాలోని భారత కాన్సులేట్‌లో కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా ఐ-94 తేదీ దానంతటది జరగదు.

కంపెనీ చూసుకుంటుందిలే అనుకోకండి. స్పాన్సర్ అంటే ఇక్కడ టికెట్లు కొన్న మామగారు కాదు, పిటిషన్ వేసిన కంపెనీ. అది వేసే ఐ-129 పిటిషన్ ఉద్యోగికి మాత్రమే పొడిగింపు ఇస్తుంది. డిపెండెంట్లయిన భార్యకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు పొడిగింపు కోసం ఐ-539 దరఖాస్తు వేరేగా వేయాలి, అదీ ఐ-94 తేదీ దాటకముందే. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలు ఈ లెక్కలోకి రారు, వాళ్లు సందర్శకుల వీసా మీదే రావాలి. భార్య ఐ-94 దాటిపోయి 180 రోజులకు పైగా ఉండిపోయి, ఆ తర్వాత దేశం వదిలితే మూడేళ్లు తిరిగి రానివ్వకపోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఆ రోజులు లెక్కకు రావు. అయినా హెచ్-4 హోదా పోయినట్టే.

అందుకే గడువు తక్కువగా ఉన్న పాస్‌పోర్టును ఇక్కడే రెన్యువల్ చేయించి వెళ్లడం మేలు. పాతదానిలో వీసా ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి, కొత్తదాన్ని కూడా అధికారికి చూపండి.

దిగిన వారంలోపే i94.cbp.dhs.gov తెరిచి Get Most Recent I-94 నొక్కి, ఇంట్లో ప్రతి ఒక్కరి Admit Until Date చూడండి. ఒకరి తేదీ మిగతావాళ్ల తేదీకన్నా ముందుంటే వాళ్ల పాస్‌పోర్టు గడువుతో పోల్చండి. రెండూ ఒకటే అయితే కారణం అదే. పేరో, వీసా రకమో తప్పు పడితే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయిస్తారు. పాస్‌పోర్టు వల్ల తగ్గిన తేదీకి మాత్రం ఐ-539 వేయాలి, లేదా కొత్త పాస్‌పోర్టుతో బయటికి వెళ్లి మళ్లీ రావాలి.