కొత్త నర్సుకు మొదటి ఏడాది మెంటర్‌షిప్ ఎలా ప్లాన్ చేయాలి?

మెంటర్‌గా ఎవరిని పెట్టాలో ముందు తేల్చుకోండి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ వద్దు. పనితీరు రిపోర్టు రాసేది ఆవిడే కాబట్టి, తనకు రానిది ఏమిటో కొత్తమ్మాయి ఆవిడతో చెప్పదు. అదే వార్డులో మూడు, నాలుగేళ్లుగా చేస్తున్న నర్సుతో అయితే "అక్కా, ఇది నాకు రాదు" అనగలదు. ఒక్కో మెంటర్‌కు ఇద్దరికి మించి అప్పగించకండి.

తర్వాత డ్యూటీ చార్టు. మొదటి నాలుగు వారాలు ఇద్దరికీ ఒకే షిఫ్టు వేయండి, మొదటి నైట్ డ్యూటీ కూడా కలిపే. అనంతపురంలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మెంటర్ పేరు కాగితం మీదే ఉండేది. ఆమెకు పగలు, కొత్తమ్మాయికి రాత్రి పడేది. ఇక నేర్పేదెప్పుడు?

మాట్లాడుకునే రోజులు ముందే చార్టులో రాసిపెట్టండి: మొదటి నెల వారానికోసారి, మూడో నెల చివరిదాకా రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి. ఇరవై నిమిషాలు చాలు, కానీ డ్యూటీ టైములోనే, వార్డు బయట కూర్చుని మాట్లాడాలి. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందక్కా" అనే అంటారు. "ఈ వారం ఏ పని చేసేటప్పుడు టెన్షన్ పడ్డావు?" అని అడగండి. మూడు వారాలూ అదే "బాగానే" వస్తుంటే, నైట్ డ్యూటీ ముందు రోజే సెలవు అడుగుతుంటే, ఏదో దాస్తోందని అర్థం.

ఇక లక్ష్యం. "మందులు బాగా ఇవ్వాలి" అని రాస్తే అది వచ్చిందో లేదో తేల్చలేం. మెడికల్ వార్డులో చేరిన అమ్మాయికి ఇన్సులిన్ అంటే భయం అనుకుందాం. లక్ష్యం ఇలా రాయండి: "ఆరో వారం చివరికి, మెంటర్ చూస్తుండగా ఐదుసార్లు తప్పు లేకుండా ఇన్సులిన్ ఇవ్వాలి."

ఆ ఐదుసార్లూ మెంటర్ ఏం చూడాలి? షుగర్ రీడింగ్, డాక్టర్ ఆర్డర్, భోజనం వచ్చిందా లేదా. అన్నిటికన్నా ముఖ్యం వయల్, సిరంజి జత. మన దగ్గర ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండు రకాల వయల్స్ దొరుకుతాయి. 100 వయల్‌లోంచి 40 సిరంజితో పది గీతల దాకా లాగితే వెళ్లేది పది కాదు, ఇరవై ఐదు యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే లేబుల్ పైకి చదివి, సిరంజి మీది అంకెతో సరిచూసి, ఇంకో నర్సుకు చూపించాకే ఇవ్వాలి.

మూడోసారి సిరంజి సరిచూడటం మరిచిపోయిందనుకోండి. మెంటర్ అక్కడే ఆపాలి, కానీ పేషెంట్ ముందు తిట్టకూడదు. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. గడువు ఇంకో రెండు వారాలు పెంచండి. నోట్‌బుక్‌లో తేదీ వేసి, ఏ మెట్టు దగ్గర ఆగిందో ఒక్క వాక్యం చాలు.

ఒకేసారి రెండు లక్ష్యాలకు మించి పెట్టవద్దు. ఆరో నెల తర్వాత లక్ష్యాలు మారాలి: పేషెంట్ పరిస్థితి దిగజారుతుంటే గుర్తుపట్టడం, రాత్రి రెండింటికి డాక్టర్‌కు ఫోన్ చేసి బీపీ, పల్స్, ఆక్సిజన్ ఎంతున్నాయో తడబడకుండా చెప్పడం. ఆ నోట్‌బుక్ ఆ అమ్మాయి దగ్గరే ఉండాలి, ఇన్‌ఛార్జ్ అల్మారాలో కాదు.