సున్నాలున్నా సరే, భాగహారం లేకుండా ‘మిగతా వాటి లబ్ధం’ కనుక్కోవడం ఎలా?

ఒక లిస్టులో కొన్ని పూర్ణాంకాలు ఉన్నాయి. ప్రతి స్థానానికీ, ఆ స్థానంలో ఉన్న అంకెను వదిలేసి మిగతా అన్నింటినీ గుణిస్తే ఎంత వస్తుందో చెప్పాలి. `[2, 3, 4, 5]` ఇస్తే జవాబు `[60, 40, 30, 24]`. కోడింగ్ లెక్కలు సాధన చేసే లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో ఇది 238వ లెక్క. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ తరచుగా అడుగుతుంటారు. భాగహారం వాడకూడదనీ, లిస్టు పొడవు రెట్టింపైతే పని కూడా రెట్టింపు మాత్రమే కావాలనీ షరతు పెడతారు.

ఈ షరతు చూసి, ఇంటర్వ్యూ కోసం కావాలని కష్టం చేశారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అన్నింటినీ గుణించి, వచ్చిన దాన్ని ఒక్కో అంకెతో భాగిస్తే సరిపోతుందన్న ఆలోచన లిస్టులో ఒక్క సున్నా పడగానే ఆగిపోతుంది. `[3, 0, 2, -4, 5]` తీసుకోండి. మొత్తం లబ్ధం 0. సున్నా ఉన్న స్థానంలో 0ని 0తో భాగించాల్సి వస్తుంది. పైథాన్ అక్కడే `ZeroDivisionError` అని ఆగుతుంది, జావాస్క్రిప్ట్ `NaN` ఇస్తుంది. కానీ ఆ స్థానానికి నిజమైన జవాబు ఉంది: 3 × 2 × -4 × 5 = -120. మొత్తాన్ని గుణించిన క్షణంలోనే ఆ -120 చెరిగిపోయింది. చెరిగిపోయిన దాన్ని భాగహారం తిరిగి తేలేదు.

సున్నాలు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టి, ఒకటైతే ఒకలా, రెండైతే ఇంకోలా `if`లు రాయవచ్చు. కానీ అసలు ఏ `if` అవసరం లేని దారి ఒకటి ఉంది. సున్నాను ప్రత్యేకంగా చూడాల్సిన పని లేకపోవడమే దాని గొప్పతనం.

ఎడమ భాగం, కుడి భాగం

ఒక స్థానాన్ని వదిలేస్తే మిగిలేవి రెండు ముక్కలే: దానికి ఎడమవైపు ఉన్నవి, కుడివైపు ఉన్నవి. ఎడమ ముక్క లబ్ధాన్ని కుడి ముక్క లబ్ధంతో గుణిస్తే జవాబు వచ్చేస్తుంది. ఆ స్థానంలోని అంకె ఈ రెండింటిలో దేనిలోనూ చేరదు. కాబట్టి దాన్ని తర్వాత భాగించి తీసేయాల్సిన అవసరమే రాదు.

మొదటి స్థానానికి ఎడమవైపు ఏమీ లేదు, చివరిదానికి కుడివైపు ఏమీ లేదు. ఏమీ లేని చోట లబ్ధాన్ని 1గా తీసుకోవాలి. పొరపాటున 0తో మొదలుపెడితే మొత్తం లెక్క సున్నాల్లో కలిసిపోతుంది.

మొదటి అడుగు: జవాబుల కోసం అంతే పొడవున్న కొత్త లిస్టు తీసుకోండి. ఇచ్చిన లిస్టు మీదే రాయకండి, దానిలోని అసలు అంకెలు రెండోసారి నడిచేటప్పుడు కావాలి.

రెండో అడుగు: ఎడమ నుంచి కుడికి నడవండి. `left` అనే వేరియబుల్‌ను 1తో మొదలుపెట్టండి. ప్రతి స్థానంలో ముందు `left`ను జవాబు లిస్టులో రాయండి, ఆ తర్వాతే ఆ స్థానంలోని అంకెతో `left`ను గుణించండి.

మూడో అడుగు: కుడి నుంచి ఎడమకు అలాగే రండి. `right` కూడా 1తో మొదలవుతుంది. ముందు జవాబును `right`తో గుణించండి, తర్వాత `right`ను అంకెతో గుణించండి.

```python
def others_product(a):
    n = len(a)
    res = [1] * n
    left = 1
    for i in range(n):
        res[i] = left
        left *= a[i]
    right = 1
    for i in range(n - 1, -1, -1):
        res[i] *= right
        right *= a[i]
    return res
```

జవాబు లిస్టును పక్కన పెడితే, అదనంగా పట్టే చోటు రెండు వేరియబుల్స్‌కే.

ఒక సున్నాతో చేసి చూద్దాం

అదే `[3, 0, 2, -4, 5]`ను కాగితం మీద నడిపిద్దాం. ఎడమ నుంచి వెళ్తే మొదటి స్థానంలో 1 రాస్తాం, `left` 3 అవుతుంది. రెండో స్థానంలో 3 రాస్తాం, ఆ తర్వాత సున్నాతో గుణించడంతో `left` 0 అవుతుంది. ఇక అక్కడి నుంచి చివరిదాకా అన్నీ సున్నాలే. మొదటి నడక ముగిసేసరికి జవాబు లిస్టు `[1, 3, 0, 0, 0]`.

ఇప్పుడు కుడి నుంచి. చివరి స్థానంలో 0 × 1 = 0, `right` 5 అవుతుంది. నాలుగో స్థానంలో 0 × 5 = 0, `right` -20. మూడో స్థానంలో 0 × -20 = 0, `right` -40. రెండో స్థానానికి వచ్చేసరికి 3 × -40 = -120 రాస్తాం, ఆ తర్వాతే సున్నాతో గుణిస్తాం కాబట్టి `right` 0 అవుతుంది. మొదటి స్థానంలో 1 × 0 = 0. తుది జవాబు `[0, -120, 0, 0, 0]`.

సున్నా తన కుడివైపు ఉన్న అన్ని స్థానాలనూ `left` ద్వారా, ఎడమవైపు ఉన్న వాటిని `right` ద్వారా సున్నా చేసింది. తన సొంత స్థానానికి మాత్రం అది తగల్లేదు. ఎందుకంటే రెండు నడకల్లోనూ దాన్ని గుణించకముందే అక్కడి జవాబు రాసేశాం.

రెండు సున్నాలుంటే? `[3, 0, 2, 0, 5]`లో మొదటి సున్నా స్థానానికి ఎడమవైపు 3 ఉంది, కానీ కుడివైపు రెండో సున్నా ఉంది. రెండో సున్నా స్థానానికి కుడివైపు 5 ఉంది, ఎడమవైపు మొదటి సున్నా ఉంది. ఏ స్థానం నుంచి చూసినా ఏదో ఒక వైపు సున్నా తప్పదు, అన్ని జవాబులూ 0. ఈ సందర్భం కోసం కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

తప్పు జరిగితే తెలిసేది ఎలా?

ఎక్కువగా జరిగే తప్పు వరుస తారుమారు కావడం: ముందు గుణించి, తర్వాత రాయడం. అలా చేస్తే స్థానంలోని అంకె కూడా లబ్ధంలో చేరిపోతుంది. పై ఉదాహరణలో -120 రావాల్సిన చోట 0 వస్తుంది, జవాబు మొత్తం సున్నాలే కనిపిస్తాయి. ఒకే సున్నా ఉన్న లిస్టుకు, మిగతా అంకెల్లో సున్నా లేదని తెలిసి కూడా, అన్నీ సున్నాలే వస్తే ముందుగా ఈ రెండు లైన్ల వరుస చూడండి.

ఇదే తప్పును రెండు సున్నాలున్న లిస్టుతో పరీక్షిస్తే దొరకదు. సరైన కోడ్ కూడా, తప్పు కోడ్ కూడా అన్నీ సున్నాలే ఇస్తాయి. ‘సున్నాలతో పరీక్షించాను, బాగానే ఉంది’ అని చెప్పే ముందు ఎన్ని సున్నాలతో పరీక్షించారో చూసుకోవాలి. సున్నా ఎక్కడుందన్నదీ ముఖ్యమే. `[0, 2, 3]`లో 6 మొత్తం కుడి నడకలోనే పుడుతుంది, `[2, 3, 0]`లో ఎడమ నడకలోనే. సున్నా మధ్యలో ఉంటేనే ఆ ఒక్క స్థానంలో రెండు నడకలూ కలిసి పరీక్షకు వస్తాయి. సున్నా లేని లిస్టు కూడా ఒకటి కావాలి, లేకపోతే మిగతా స్థానాల్లోని తప్పులు సున్నాల చాటున దాక్కుంటాయి. `[0]` ఇస్తే `[1]` రావాలి, `[7]` ఇచ్చినా `[1]` రావాలి.

నాకు అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి ఇది: రెండు లూపులతో నెమ్మదిగా చేసే సాదా కోడ్ ఒకటి రాసి, యాదృచ్ఛికంగా తయారుచేసిన చిన్న లిస్టుల మీద రెండింటి జవాబులూ పోల్చడం. అంకెలు -3 నుంచి 3 మధ్య తీసుకోండి. 1 నుంచి 1000 దాకా తీసుకుంటే సున్నా ఒక్కసారి కూడా రాదు.

జావాస్క్రిప్ట్‌లో రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ సున్నాను రుణసంఖ్యతో గుణిస్తే `-0` వస్తుంది. మన ఉదాహరణకు ఇదే కోడ్ అక్కడ `[-0, -120, -0, 0, -0]` ఇస్తుంది. `===`తో పోలిస్తే తేడా కనిపించదు. కానీ కోడ్‌ను పరీక్షించడానికి వాడే జెస్ట్‌లో `toEqual` ఈ రెండు సున్నాలనూ వేరుగా చూస్తుంది, పరీక్ష ఫెయిలవుతుంది. చివరి విలువకు 0 కూడితే `-0` మామూలు 0 అవుతుంది.

సీ, సీ++లో సున్నా వల్లే వచ్చే సమస్య వేరు. `[100000, 100000, 0, 0]`కు జవాబులన్నీ 0. అవి 32 బిట్ల `int`లో హాయిగా పడతాయి. కానీ మూడో స్థానానికి చేరేసరికి `left` వెయ్యి కోట్లు అయిపోతుంది, `int` గరిష్ఠం సుమారు 214 కోట్లే. ఆ భాషల్లో ఇలా పొంగిపోతే ఏం జరుగుతుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. జావాలో అంకె చుట్టు తిరిగి వస్తుంది, చివరికి సున్నాతో గుణింపబడి సరైన జవాబే వస్తుంది. సీ++లో `left`, `right`లను `long long`గా పెట్టుకోండి, ఇంకా పెద్దవి వస్తాయనుకుంటే `unsigned`లో గుణించండి. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఈ పరిమితి లేదు.

లిస్టులో సున్నా లేకపోయినా సున్నా రావచ్చు

కోడింగ్ పోటీల్లో జవాబును ఏదో ఒక సంఖ్యతో భాగించగా వచ్చే శేషం మాత్రమే అడుగుతుంటారు. చిన్నగా చూద్దాం: `[12, 5, 7]`లో ప్రతి స్థానానికీ మిగతావాటి లబ్ధంలో చివరి అంకె, అంటే 10తో భాగిస్తే వచ్చే శేషం కావాలి. మూడింటినీ గుణిస్తే 420, శేషం 0. ఇన్‌పుట్‌లో ఎక్కడా సున్నా లేదు, అయినా శేషాల లెక్కలో మొత్తం లబ్ధం సున్నా అయింది, ఇక దాని నుంచి వెనక్కి రాలేం. 10తో శేషాలు చూసేటప్పుడు 2కు గానీ 5కు గానీ విలోమం ఉండదు కాబట్టి అక్కడ భాగహారమే అర్థం లేనిది.

పై కోడ్‌లో గుణకారం జరిగిన ప్రతిచోటా `% 10` పెట్టండి చాలు. ఎడమ నడకలో `[1, 2, 0]` వస్తుంది. కుడి నుంచి వస్తే చివరిది 0, మధ్యలోది 2 × 7 = 14 కాబట్టి 4, మొదటిది 1 × 5 = 5. జవాబు `[5, 4, 0]`. సరిచూసుకోండి: 5 × 7 = 35, 12 × 7 = 84, 12 × 5 = 60.

మెషిన్ లెర్నింగ్‌లో వాడే పైటార్చ్ లైబ్రరీలో కూడా ఇదే పని జరుగుతుంది. ఒక లబ్ధాన్ని దానిలోని ఒక్కో అంశంతో అవకలనం చేస్తే వచ్చేది సరిగ్గా మిగతా అంశాల లబ్ధమే. అంశాల్లో సున్నా లేకపోతే ఆ లైబ్రరీ భాగహారంతోనే కానిచ్చేస్తుంది, రెండు అంతకన్నా ఎక్కువ సున్నాలుంటే నేరుగా సున్నాలు ఇస్తుంది. సరిగ్గా ఒక్క సున్నా ఉన్నప్పుడు మాత్రం ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి లబ్ధాలు తీసి గుణిస్తుంది.