పై అంతస్తు చల్లబడట్లేదా? పంపు స్పీడు పెంచే ముందు ఇది చూడండి

సమస్య: 8 అంతస్తుల ఆఫీసు, అంతస్తుకో 20 టన్నుల ఏహెచ్‌యూ, అంటే చల్లటి నీళ్ల కాయిల్ మీదుగా గాలి పంపే యూనిట్. చిల్లర్ నుంచి నీళ్లు 7 డిగ్రీలకే వస్తున్నాయి, కింద జనం స్వెటర్లు వేసుకుంటుంటే 8వ అంతస్తులో మాత్రం ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని పంపు స్పీడు పెంచడం. దాంతో పైకి కాస్త ఎక్కువ వెళ్తుంది నిజమే, కానీ అదనపు నీళ్లలో పెద్ద వాటా మళ్లీ కింది అంతస్తులకే పోతుంది, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

కారణం: ముందు కాయిల్‌కి వెళ్లే నీళ్లు, తిరిగొచ్చే నీళ్ల ఉష్ణోగ్రతలు చూడండి. పైన 7 వెళ్లి 16 వస్తోందంటే నీళ్లు తక్కువ, కింద 7 వెళ్లి 10 కూడా రావట్లేదంటే అక్కడ ఎక్కువ. పైన కూడా తేడా 2, 3 డిగ్రీలే ఉండి గాలి వెచ్చగా వస్తుంటే అది నీళ్ల లోటు కాదు, ఫిల్టరు, బెల్టు, మురికి పట్టిన కాయిల్ చూసుకోవాలి. పంపుకి దగ్గరున్న దారిలో అడ్డు తక్కువ కాబట్టి నీళ్లు అటే పోతాయి, ఇంతకు మించిన రహస్యం లేదు.

పరిష్కారం: స్ట్రెయినర్లు కడిగి, పైన ఎయిర్ వెంట్ నుంచి గాలి తీసేసి, కంట్రోల్ వాల్వులన్నీ 100 శాతం తెరిచి పెట్టండి. ఈ పని వదిలేసి బ్యాలెన్సింగ్, అంటే అంతస్తులకి నీళ్లు సమంగా పంచడం, మొదలుపెడితే శ్రమంతా వృథా. తర్వాత ప్రతి బ్యాలెన్సింగ్ వాల్వూ పూర్తిగా తెరిచి, మీటరు తగిలించి దాని రెండు వైపులా ప్రెజర్ తేడా ΔP చదవండి. నీళ్ల ప్రవాహం Q దాన్నుంచే వస్తుంది, Kv అంటే 1 బార్ తేడాకి ఆ వాల్వు గంటకి వదిలే ఘనపు మీటర్లు.

```
Q = Kv × √ΔP   (m³/h, bar)
```

20 టన్నులకి 5.5 డిగ్రీల తేడాతో గంటకి సుమారు 11 ఘనపు మీటర్లు కావాలి. మొదటి అంతస్తులో కేవీ 25, తేడా 0.56 బార్ అయితే 18.7 వస్తుంది, అంటే కావాల్సిన దాంట్లో 170 శాతం. 8వ అంతస్తులో 55 శాతమే అనుకుందాం. శాతం అన్నింటికంటే తక్కువున్న ఆ వాల్వుని పూర్తిగా తెరిచే ఉంచి, 7వ దాన్ని 8వ దాని శాతానికి సమానమయ్యేలా మూయండి. తర్వాత 6, అలా కిందికి రండి. ఒక్కోటి మూసేకొద్దీ 8వ దాని శాతం పెరుగుతుంది, అందుకే ప్రతిసారీ పాత అంకెతో కాకుండా అప్పటికప్పుడు చదివిన అంకెతో పోల్చాలి, ఇద్దరుండి ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేస్తే సులువు.

చివరికి అన్నీ 110 శాతం దగ్గర కలిశాయనుకోండి, అప్పుడు పంపుని 50 హెర్ట్జ్ నుంచి సుమారు 45కి దించండి, అన్నీ 100కి వస్తాయి. వాల్వుల తిప్పులు రాసుకుని లాక్ వేయండి, లేకపోతే వేసవి మొదలవగానే ఎవరో ఒకరు తిప్పేస్తారు.