CR2032 బ్యాటరీ బాగానే ఉన్నా డోర్ సెన్సర్ రీస్టార్ట్ అవుతుంటే: నా అనుభవం

మా ఇంటి వైర్‌లెస్ డోర్ సెన్సర్ తలుపు తెరిచిన ప్రతిసారీ సిగ్నల్ పంపబోయి రీస్టార్ట్ అయ్యేది. మల్టీమీటర్‌లో బ్యాటరీ మాత్రం 2.9 వోల్టులు చూపించేది. కొత్త బిళ్ల బ్యాటరీ వేయడం, కాంటాక్టులు తుడవడం, మళ్లీ పెయిర్ చేయడం ఏవీ ఫలించలేదు.

దారి చూపింది లోడ్ పరీక్ష. బ్యాటరీ రెండు కొనల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఒక్క క్షణం ఆనించగా వోల్టేజ్ 2.2కు పడిపోయింది, అంటే 22 మిల్లీఆంపియర్ల కరెంటుకే 0.7 వోల్టులు బ్యాటరీ లోపలే ఖర్చవుతున్నాయి కనుక దాని అంతర్గత నిరోధం సుమారు 32 ఓమ్‌లు. గడియారం తీసుకునే మైక్రోఆంపియర్లకు ఇది లెక్కలోకి రాదు. రేడియోకు మాత్రం సుమారు 4 మిల్లీసెకన్ల పాటు 25 మిల్లీఆంపియర్లు కావాలి. అప్పుడు వోల్టేజ్ 2.1కి దిగుతుంది, 2.2 కంటే తగ్గితే సెన్సర్‌లోని రేడియో చిప్ రీసెట్ అవుతుంది.

బ్యాటరీ తీసేసి, రేడియో చిప్‌కు దగ్గరగా, ప్లస్, గ్రౌండ్ మధ్య 220 మైక్రోఫారడ్‌ల, 10 వోల్టుల, లీకేజ్ తక్కువగా ఉండే కెపాసిటర్‌ను ధ్రువాలు చూసుకుని సోల్డర్ చేశాను. ఆ 4 మిల్లీసెకన్ల కరెంటు పల్స్ మొత్తాన్నీ కెపాసిటర్ ఒక్కటే మోసినా వోల్టేజ్ దాదాపు 0.45 మాత్రమే తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ దాన్ని తీరిగ్గా నింపుతుంది. రీస్టార్టులు ఆగిపోయాయి.

లీకేజ్ ముఖ్యం: 1 మైక్రోఆంపియర్ కారినా ఏడాదికి దాదాపు 9 మిల్లీఆంపియర్ అవర్లు పోతాయి. పల్స్ ఎక్కువసేపు సాగే పరికరాల్లో, ఉదాహరణకు వైఫై ఉన్నవాటిలో, ఈ చిట్కా సరిపోదు. చలికి బ్యాటరీ అంతర్గత నిరోధం ఇంకా పెరుగుతుంది కాబట్టి కారు రిమోట్‌లు చలిలో మొరాయించడానికీ ఇదే కారణం కావచ్చు, కానీ వాటిపై నేను ప్రయత్నించలేదు.