కంపెనీకి ఫిర్యాదు రాయడం ఎలా? కోపం పక్కన పెట్టి, తేదీలు ముందు పెట్టి

కాకినాడలో మా పిన్ని వాళ్లు పోయిన ఏడాది జూన్‌లో ఆన్‌లైన్‌లో వాషింగ్ మెషిన్ కొన్నారు. మొదటిసారి బట్టలు వేసిన రోజే తలుపు కింద నుంచి నీళ్లు కారి వంటింటి దాకా వచ్చాయి. ఇద్దరు టెక్నీషియన్లు వచ్చి వెళ్లినా కారడం ఆగలేదు. జూన్ నెలాఖరుకు బాబాయ్ ఓపిక అయిపోయి, కంపెనీకి పంపడానికి ఒక మెయిల్ రాసి నాకు చూపించారు.

"మీది దొంగ కంపెనీ. నెల రోజులుగా మమ్మల్ని తిప్పుతున్నారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పట్టించుకునే నాథుడు లేడు. మీకు సిగ్గుందా? కోర్టుకు ఈడుస్తాను."

ఆయన బాధలో అబద్ధం లేదు. కానీ ఆ మెయిల్‌లో ఆర్డర్ నంబరు లేదు, ఒక్క తేదీ లేదు, ఆయనకు ఏం కావాలో కూడా లేదు. చదివే ఉద్యోగి దాన్ని పట్టుకుని కంప్యూటర్‌లో ఏమీ వెతకలేడు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, వివరాలు పంపండి" అని ఒక తయారు జవాబు పంపేసి పక్క మెయిల్‌కు వెళ్లిపోతాడు. అసలు నష్టం ఇంకోటి ఉంది. బాబాయ్ చేతిలో చాలా బలమైన విషయం ఒకటుంది. అది ఆ కోపంలో ఆయనకే కనపడలేదు. మేం తేదీలు వరుసగా రాసుకున్నాకే అది బయటపడింది.

ముందు కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

రాయడం మొదలుపెట్టకముందే బిల్లు, ఆర్డర్ పేజీ, మెసేజ్‌లు, టెక్నీషియన్ ఇచ్చిన జాబ్ షీట్ తీసి పెట్టుకోండి. ఆర్డర్ నంబరు, బిల్లు నంబరు ఒకటి కావు. ఆర్డర్ నంబరు అమ్మిన యాప్‌కు తెలుస్తుంది. తయారుచేసిన కంపెనీకి మెషిన్ వెనకో, తలుపు పక్కనో అంటించిన స్టిక్కర్ మీది సీరియల్ నంబరు కావాలి. మూడూ రాస్తే ఏ చివర ఉన్నవాడైనా మీ ఫైల్ తెరవగలడు.

యాప్‌లో జరిగిన చాట్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. కొన్ని రోజులు పోయాక అది కనిపించకపోవచ్చు. తేదీ కనపడేలా ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. వీడియో తీసేటప్పుడు ముందు సీరియల్ నంబరు స్టిక్కర్ చూపించి, ఆపకుండా అలాగే కెమెరాను నీళ్లు కారే చోటికి తీసుకెళ్లండి. ముప్పై సెకన్లు చాలు. అప్పుడు "ఇది ఈ మెషిన్ అని ఏమిటి గ్యారంటీ?" అని ఎవరూ అడగలేరు.

తేదీల వరుస రాసుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక కాగితం మీద తేదీ, ఆ రోజు ఏం జరిగింది, దానికి రుజువేమిటి అని మూడు గళ్లు గీయండి. పిన్ని, బాబాయ్, నేను కూర్చుని ఫోన్లలో వెతికితే గంట పట్టింది. వచ్చిన వరుస ఇది:

జూన్ 3: ఆర్డర్ పెట్టి, 27,490 రూపాయలు యూపీఐలో కట్టాం. రుజువు: బిల్లు.
జూన్ 7: మెషిన్ ఇంటికి వచ్చింది. రుజువు: డెలివరీ మెసేజ్.
జూన్ 9: బిగించి వెళ్లారు. రుజువు: జాబ్ షీట్.
జూన్ 10: మొదటి వాష్‌లోనే నీళ్లు కారాయి. అదే రోజు యాప్ చాట్‌లో ఫిర్యాదు చేశాం. రుజువు: స్క్రీన్‌షాట్, వీడియో.
జూన్ 13: టెక్నీషియన్ వచ్చి తలుపు రబ్బరు చిరిగిందని, కొత్తది నాలుగు రోజుల్లో వస్తుందని చెప్పారు. అదే సాయంత్రం "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది.
జూన్ 20: రబ్బరు రాకపోవడంతో మళ్లీ ఫిర్యాదు చేశాం.
జూన్ 24: రెండో టెక్నీషియన్ కొత్త రబ్బరు వేశారు. ఆయన ముందే నడిపితే మళ్లీ కారింది. మెషిన్‌ను సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలన్నారు.

రాయడం అయ్యాక పిన్ని ఆర్డర్ పేజీ ఒకసారి తెరిచి చూసింది. డెలివరీ అయిన 10 రోజుల్లోపు లోపం చెబితే వస్తువు మారుస్తామని అందులో ఉంది. అంటే గడువు జూన్ 17. వీళ్లు చెప్పింది జూన్ 10న, డెలివరీ అయిన మూడో రోజు. మధ్యలో జూన్ 13న, రబ్బరు మార్చకుండానే, కంపెనీయే ఫిర్యాదు మూసేసింది. రబ్బరు కోసం ఎదురుచూస్తుండగా గడువు దాటిపోయింది. "నెల రోజులుగా తిప్పుతున్నారు" అన్న మాటలో ఈ సంగతి ఎక్కడా లేదు. పైగా ఆ మాటే తప్పు. జూన్ 10 నుంచి లెక్కిస్తే అప్పటికి మూడు వారాలే. మీరు చెప్పిన ఒక్క లెక్క తప్పితే, మిగతావి కూడా అలాంటివే అనుకుంటారు.

ఏదైనా తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయకండి. ఫోన్‌లో కాల్ జాబితా చూడండి. అక్కడా దొరక్కపోతే "జూన్ మూడో వారంలో" అని రాయండి, అది నిజమే కాబట్టి.

మీకు అనుకూలంగా లేని విషయం కూడా రాసేయడం మంచిది. రెండో టెక్నీషియన్ నేల కొంచెం వాలుగా ఉందని అన్నారు. దాన్ని వదిలేద్దామన్నారు బాబాయ్. ఆ మాట జాబ్ షీట్‌లో ఉంటే కంపెనీ రేపు అదే ముందు పెడుతుంది, మనం దాచినట్టు అవుతుంది. అందుకే "నేల వాలుగా ఉందన్నారు, ఆయనే కాళ్లు సరిచేసి మళ్లీ నడిపారు, అప్పుడూ కారింది" అని పూర్తిగా రాశాం.

కోపం ఉన్న వాక్యాన్ని జరిగిన సంగతిగా మార్చండి

నేను చేసే పద్ధతి సులువైనదే. కోపంగా రాసుకున్న ప్రతి వాక్యం దగ్గర ఆగి, "ఇది నేను కళ్లతో చూసిందా, లేక నా అభిప్రాయమా?" అని అడుగుతాను. "పట్టించుకునే నాథుడు లేడు" అన్నది అభిప్రాయం. "జూన్ 20 నుంచి 23 వరకు మూడుసార్లు కాల్ చేశాం, తిరిగి ఎవరూ చేయలేదు" అన్నది జరిగింది. "నాసిరకం సరుకు అంటగట్టారు" అన్నది అనుమానం. "మొదటి వాష్‌లోనే నీళ్లు కారాయి, రబ్బరు మార్చాక కూడా ఆగలేదు" అన్నది చూసింది. రెండో రకం వాక్యాలు చల్లగా కనిపిస్తాయి గానీ, కాదనడానికి వాటిలో ఎవరికీ సందు దొరకదు.

టెక్నీషియన్‌ను తిట్టకండి. ఆయన పంపిన చోటికి వచ్చిన మనిషి. పైగా "మెషిన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి" అన్న ఆయన మాటే మీకు సాక్ష్యం.

ఒకటే కోరిక, ఒక గడువు

మార్చాలి, లేదంటే డబ్బు తిరిగివ్వాలి, నష్టపరిహారం కావాలి, క్షమాపణ చెప్పాలి, ఆ ఉద్యోగి మీద చర్య తీసుకోవాలి అని అన్నీ కలిపి అడిగితే, వాటిలో తేలికైనది ఒకటి చేసి ఫైల్ మూసేస్తారు. మీకు నిజంగా కావాల్సింది, మీకు హక్కు ఉన్నది ఒకటి ఎంచుకోండి. మార్పిడి గడువు తర్వాత లోపం వస్తే చాలా వారంటీలు రిపేరే ఇస్తాయి, కొత్త వస్తువు ఇవ్వవు. అలాంటప్పుడు వారంటీలో రాసి ఉన్నదే గట్టిగా అడగండి. గడువుకు "వెంటనే" అని కాకుండా తేదీ వేయండి. వారం, పది రోజులు ఇస్తే న్యాయంగా ఉంటుంది.

చివరికి బాబాయ్ పంపిన మెయిల్ ఇంతే. సబ్జెక్ట్ లైన్‌లోనే ఆర్డర్ నంబరు పెట్టాం.

"జూన్ 7న అందిన మా వాషింగ్ మెషిన్ మొదటి వాష్‌లోనే నీళ్లు కారింది. డెలివరీ అయిన మూడో రోజు, జూన్ 10న, మీ యాప్‌లో ఫిర్యాదు చేశాం. మీ 10 రోజుల మార్పిడి గడువు జూన్ 17. రబ్బరు మార్చకుండానే జూన్ 13న ఆ ఫిర్యాదును పరిష్కారమైనట్టు మూసేశారు. జూన్ 24న రబ్బరు మార్చాక కూడా లోపం అలాగే ఉంది. మేం గడువులోపే చెప్పాం కాబట్టి, జూలై 11లోగా మెషిన్ మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. తేదీల వివరాలు, బిల్లు, వీడియో జతచేశాం."

కోర్టు మాట ఎత్తలేదు. ఆ అడుగు వేసే రోజు వచ్చినప్పుడు చెప్పొచ్చు.

ఎవరికి పంపాలి, పంపాక ఏం చేయాలి

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు తమ సైట్‌లో పెట్టాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. సాధారణంగా అవి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ అధికారి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, అందిన నాటి నుంచి నెలలోగా పరిష్కరించాలి. అందుకే మామూలు కస్టమర్ కేర్‌కు పంపి ఊరుకోకుండా ఆయనకూ పంపండి. తర్వాత రాసేవన్నీ అదే మెయిల్‌కు జవాబుగానే పంపండి. ప్రతిసారీ కొత్త మెయిల్ మొదలుపెడితే కథ ముక్కలైపోతుంది.

వాళ్లు ఎక్కువగా ఫోన్ చేస్తారు. మాట్లాడండి, కానీ పెట్టేయగానే "ఈ రోజు మధ్యాహ్నం ఫోన్‌లో మీరు ఇలా చెప్పారు, నేను ఇలా అన్నాను" అని రెండు వాక్యాలు అదే మెయిల్‌లో రాసేయండి. టెక్నీషియన్ "ఫోన్‌కు కోడ్ వచ్చింది చూడండమ్మా, చెప్పండి" అంటే, మెషిన్ బాగయ్యేదాకా చెప్పకండి. ఆ కోడ్ ఇవ్వడమంటే పని అయిందని ఒప్పుకోవడమే. జూన్ 13న పిన్ని చేసిన పొరపాటు ఇదే. పాపం, ఆ కుర్రాడు ఎండలో వచ్చాడని అడగ్గానే చెప్పేసింది. ఆ విషయం కూడా తర్వాతి జవాబులో మేమే రాశాం.

కంపెనీ మొదట ఇంకోసారి రిపేర్ చేస్తామంది. మేం కొత్త వాదన ఏదీ పెట్టలేదు. జూన్ 10, 13, 17 తేదీలు మళ్లీ రాసి, "గడువులోపే చెప్పినప్పుడు మార్పిడి ఎందుకు వర్తించదో రాతపూర్వకంగా చెప్పండి" అని అడిగాం. జూలై 10న కొత్త మెషిన్ వచ్చింది.

రాకపోయి ఉంటే తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు, consumerhelpline.gov.in లోనూ నమోదు చేయొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేస్తారు, తీర్పు ఇవ్వరు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ రెండు చోట్లా మొదట అడిగేది మీరు కంపెనీకి ఏమని రాశారు, ఎప్పుడు రాశారు అనే. మూడు గళ్ల కాగితం, ఆ ఒక్క మెయిల్ వరుస ఉంటే వాటినే జతచేయొచ్చు, మళ్లీ మొదటి నుంచి రాయనక్కర్లేదు.