చదువు, ఆదాయం, ఒక గీత: రిగ్రెషన్ ఫలితాన్ని మామూలు మాటల్లో చదవడం ఎలా?

"చదువు ఒక ఏడాది పెరిగితే ఆదాయం ఇంత పెరుగుతుంది." సర్వే ఫలితాల గురించి రాసే వార్తల్లో ఈ తరహా వాక్యం తరచూ కనిపిస్తుంది. దాని వెనక ఉండేది సాధారణంగా ఒక రిగ్రెషన్ పట్టిక, అంటే రెండు కొలతల మధ్య సంబంధాన్ని ఒక గీతగా లెక్కగట్టిన ఫలితం. ఆ పట్టికలోని అంకెలు తప్పు కాకపోవచ్చు. కానీ ఈ వాక్యం ఆ అంకెలు చెప్పినదానికంటే ఎక్కువ చెబుతోంది. ఎంత ఎక్కువ చెబుతోందో తెలియాలంటే పట్టికను మనమే చదవగలగాలి. అందుకు ఎనిమిది మంది వివరాలు చాలు. ఇవి ఏ సర్వేలోనివీ కావు, లెక్క సులువుగా తేలేలా నేను కల్పించినవి.

ముందు దేనిని దేనితో పోలుస్తున్నారో చూడండి

ఒక్కొక్కరికి రెండే అంకెలు: బడిలో, కాలేజీలో కలిపి చదివిన ఏళ్లు, నెల ఆదాయం వేలల్లో. R అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వీటిని ఇలా ఇవ్వాలి:

```
chaduvu <- c(5, 8, 10, 10, 12, 12, 15, 16)
adayam  <- c(11, 13, 11, 24, 14, 26, 25, 36)
summary(lm(adayam ~ chaduvu))
```

బదులుగా వచ్చేదాంట్లో మనకు కావలసిన భాగం, దశాంశాలు కుదించి:

```
             Estimate  Std. Error  t value  Pr(>|t|)
(Intercept)    -2.00        7.34    -0.27      0.79
chaduvu         2.00        0.64     3.13      0.02

R-squared: 0.62
```

పట్టిక కనబడగానే కన్ను చివరి నిలువు వరుస మీదికి వెళుతుంది. కాసేపు దాన్ని వదిలేయండి. ముందు కొలమానాలు తేల్చుకోవాలి. ఆదాయం నెలదా, ఏడాదిదా? వేలల్లోనా, పూర్తి అంకెల్లోనా? ఇక్కడి 2 అంటే నెలకు రెండు వేలు. అదే ఆదాయాన్ని పూర్తి అంకెల్లో ఇచ్చి ఉంటే 2 ఉన్న చోట 2000 కనిపించేది. సంబంధం అదే, బలమూ అదే. అంకె పెద్దదా చిన్నదా అన్నది కొలమానం తెలియకుండా తేలదు.

వాలును రెండు గుంపుల మధ్య తేడాగా చదవండి

chaduvu పక్కనున్న 2.00 గీత వాలు. దాన్ని చదివే పద్ధతి ఇది: "ఈ ఎనిమిది మందికి సరిపోయేలా గీసిన గీత ప్రకారం, చదువులో ఒక ఏడాది తేడా ఉన్న ఇద్దరి ఆదాయాలు సగటున రెండు వేల తేడాతో ఉంటాయి." ఈ వాక్యంలో ఎవరూ మళ్లీ బడికి వెళ్లలేదు, ఎవరి జీతమూ పెరగలేదు. వేర్వేరు మనుషులను పక్కపక్కన నిలబెట్టి చూశాం, అంతే. మొదట్లో చెప్పిన వార్తా వాక్యంలోని "పెరిగితే... పెరుగుతుంది" అన్న మాటలు ఈ పోలికను ఒకే మనిషి జీవితంలో జరిగే మార్పుగా మార్చేశాయి. రిగ్రెషన్‌ను చదవడంలో జరిగే పొరపాట్లలో పెద్దది ఇదే అని నా అభిప్రాయం. దీని సంగతి చివర్లో చూద్దాం.

పైనున్న -2.00 గీత మొదలయ్యే చోటు, అంటే చదువు సున్నా అయినప్పుడు గీత చెప్పే ఆదాయం. నెలకు మైనస్ రెండు వేలు! కంగారు పడక్కర్లేదు. మన దగ్గరున్న వాళ్లంతా 5 నుంచి 16 ఏళ్ల వరకు చదివినవాళ్లు. సున్నా దగ్గర ఒక్కరూ లేరు. అక్కడిదాకా గీతను మనం పొడిగించాం గానీ సమాచారం ఏమీ చెప్పలేదు. ఆ అంకెకు అర్థం కావాలంటే ఒక చిన్న ఉపాయం ఉంది. ప్రతి ఒక్కరి చదువులోంచి సగటును, అంటే 11 ఏళ్లను తీసేసి మళ్లీ లెక్క వేయండి. వాలు మారదు. -2 స్థానంలో మాత్రం 20 వస్తుంది: సగటు చదువు ఉన్న మనిషికి గీత చెప్పే ఆదాయం ఇరవై వేలు.

ఒక మనిషిని పట్టుకుని గీతతో పోల్చండి

పట్టికలో నేరుగా కనిపించనిది, నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ నేర్పేది, ఈ అడుగు. పన్నెండేళ్లు చదివినవాళ్లు మన జాబితాలో ఇద్దరున్నారు. గీత ఇద్దరికీ ఒకే మాట చెబుతుంది: రెండును పన్నెండుతో గుణించి రెండు తీసేస్తే 22 వేలు. నిజానికి ఒకరికి వచ్చేది 14, మరొకరికి 26. మొదటి వ్యక్తి గీతకు 8 కింద ఉన్నాడు, రెండో వ్యక్తి 4 పైన. ఇలా నిజ ఆదాయానికీ గీతకూ మధ్య మిగిలిన తేడాను శేషం అంటారు.

పదేళ్లు చదివినవాళ్లూ ఇద్దరే. ఒకరికి 11, మరొకరికి 24. ఒకే చదువున్న ఇద్దరి మధ్య పదమూడు వేల తేడా! చదువులో ఆరేళ్ల తేడాకు గీత ఇచ్చే పన్నెండు వేల కంటే ఇదే ఎక్కువ. వాలును చూసి ఒక మనిషి ఆదాయాన్ని ఊహించాలనుకునేవాళ్లు ఈ జంటను గుర్తుంచుకుంటే మేలు.

ఎనిమిది శేషాలనూ వర్గం చేసి కూడితే 220 వస్తుంది. మరే సరళరేఖ గీసినా ఈ మొత్తం ఇంతకంటే తగ్గదు. కంప్యూటర్ ఈ గీతనే ఎంచుకోవడానికి కారణం అదొక్కటే. గీత అసలు లేకుండా అందరికీ సగటు ఆదాయం 20 అనే చెప్పి ఉంటే ఆ మొత్తం 580 అయ్యేది. 580 నుంచి 220కి తగ్గింది, అంటే 360 మేరకు. 360ని 580తో భాగిస్తే 0.62. ఆర్-స్క్వేర్డ్ అంటే ఇదే: మనుషుల ఆదాయాల్లో ఉన్న చెదురులో 62 శాతం గీత వెంట సర్దుకుంది, మిగతాది శేషాల్లో ఉండిపోయింది. "ఆదాయానికి 62 శాతం కారణం చదువే" అని దీన్ని చదవకూడదు. కారణం గురించి ఈ అంకెకు ఏమీ తెలియదు. పైగా 0.62 నేను కల్పించిన సంఖ్యల చలవ. నిజమైన సర్వేల్లో చదువు ఒక్కదానితో లెక్క వేస్తే ఇది సాధారణంగా చాలా తక్కువగా వస్తుంది. తక్కువ వచ్చినంత మాత్రాన వాలు పనికిరానిదైపోదు.

ఇప్పుడు, నమ్మకం ఎంత?

వాలు పక్కనున్న 0.64 ప్రామాణిక దోషం. ఇదే జనాభా నుంచి మరో ఎనిమిది మందిని యాదృచ్ఛికంగా తీసుకుంటే వాలు కచ్చితంగా 2 రాదు. ఎంత అటూ ఇటూ ఊగవచ్చో ఈ అంకె సుమారుగా చెబుతుంది. పెద్ద నమూనాల్లో దీన్ని రెట్టింపు చేసి వాలుకు అటూ ఇటూ పెడితే 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు వాలు ఉండగల పరిధి, వస్తుంది. ఎనిమిది మందే కాబట్టి మనకు రెండు చాలదు, దాదాపు 2.45 రెట్లు తీసుకోవాలి. అలా చూస్తే వాలు సుమారు 0.4 నుంచి 3.6 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఏడాదికి నాలుగు వందల తేడా అయినా, మూడు వేల ఆరు వందల తేడా అయినా ఈ సమాచారానికి సమ్మతమే. చివరి నిలువు వరుసలోని 0.02 చెప్పేది ఇంతకంటే తక్కువ: అసలు సంబంధమే లేకపోతే సున్నాకు ఇంత దూరంలోనో, ఇంకా దూరంలోనో ఉండే వాలు కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం నూటికి సుమారు రెండు. సంబంధం పెద్దదా, ముఖ్యమైనదా అని అది చెప్పదు. రెండింట్లో ఒకటే చూసే తీరిక ఉంటే నేను అంతరాన్నే చూస్తాను.

చివరన ఉన్న మనిషి గీతను లాగుతున్నాడేమో చూడండి

ఆదాయాల సర్వేలో అందరికంటే ఎంతో ఎక్కువ సంపాదించేవాడు ఒకడైనా తగులుతాడు. పదహారేళ్లు చదివిన వ్యక్తి ఆదాయాన్ని 36 నుంచి 96కి మార్చి మళ్లీ లెక్క వేయండి. వాలు 2 నుంచి 5.33కి ఎగబాకుతుంది. మిగతా ఏడుగురూ ఉన్నచోటే ఉన్నారు. అదే అరవై వేలను పన్నెండేళ్లు చదివి 14 సంపాదిస్తున్న వ్యక్తికి కలిపి చూడండి, వాలు 2.67 దగ్గరే ఆగుతుంది. చదువులో సగటుకు దూరంగా ఉన్న మనిషికి గీతను తిప్పే బలం ఎక్కువ, మధ్యలో ఉన్నవాడికి తక్కువ. అందుకే పట్టిక ఒక్కటే చూసి తృప్తి పడకండి, చుక్కల చిత్రం గీయించుకోండి. చుక్కలు వంపు తిరిగి కనిపించినా, చదువు పెరిగేకొద్దీ విసనకర్రలా విచ్చుకున్నా అది చిత్రంలోనే తెలుస్తుంది.

ఆదాయాలకు ఇలా విచ్చుకునే గుణం ఉంది కాబట్టే ఆర్థికవేత్తలు ఆదాయానికి బదులు దాని సహజ లాగరిథమ్‌ను వాడతారు. జేకబ్ మిన్సర్ 1974లో వెలువరించిన పుస్తకం తర్వాత ఈ పద్ధతి బాగా స్థిరపడింది. అప్పుడు వాలును చదివే తీరు మారుతుంది. అది 0.08 అని ఉంటే, ఏడాది చదువు తేడాకు ఆదాయంలో సుమారు 8 శాతం తేడా అని అర్థం. ఈ సులువు చిన్న అంకెలకే చెల్లుతుంది. 0.5 వస్తే అది 50 శాతం కాదు, 65 శాతం. కాబట్టి పట్టికలో చిన్న దశాంశం కనిపిస్తే, ఆదాయాన్ని నేరుగా పెట్టారా, లాగరిథమ్ పెట్టారా అని ముందు చూడండి.

"పెరిగితే పెరుగుతుంది" అనవచ్చా?

ఇలాంటి పట్టిక ఒక్కదాన్ని చూసి అనకూడదు. ఎక్కువ చదివినవాళ్లు, తక్కువ చదివినవాళ్లు చదువులో మాత్రమే వేరు కారు. ఉన్నవాళ్ల ఇళ్లలో పిల్లలు ఎక్కువ కాలం చదువుతారు. వాళ్లకే పరిచయాలు, పెట్టుబడి కూడా దొరుకుతాయి. ఆ లాభం కూడా వచ్చి చదువు ఖాతాలో పడి, వాలు ఉండాల్సినదానికంటే నిటారుగా కనిపిస్తుంది. దీనికి ఎదురు లాగేవీ ఉన్నాయి. ఒకే వయసున్న ఇద్దరిలో ఎక్కువ చదివినవాడు పనిలో చేరింది ఆలస్యంగా, కాబట్టి అనుభవం తక్కువ. అనుభవానికీ ఆదాయం ఉంది గనక, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చదువు వాలు తగ్గి కనిపిస్తుంది. మిన్సర్ తన సమీకరణంలో అనుభవాన్ని కూడా చేర్చింది అందుకే.

అనుభవాన్ని కొలిచి చేర్చవచ్చు. ఇంటి అండను, పట్టుదలను కొలవడం కష్టం. వాటిని కొలవకుండానే పక్కకు తప్పించే దారి ఒకటి ఆర్థికవేత్తలు జాషువా ఆంగ్రిస్ట్, అలన్ క్రూగర్ 1991లో వెతికారు. అమెరికాలో నిర్ణీత వయసు వచ్చేదాకా బడి మానకూడదన్న చట్టాలుండేవి. బడిలో చేరే తేదీ అందరికీ ఒకటే కాబట్టి, ఏడాది మొదట్లో పుట్టినవాళ్లు కాస్త పెద్ద వయసులో చేరేవారు. దాంతో ఆ వయసు వచ్చేసరికి వాళ్లు చదివిన కాలం కొద్దిగా తక్కువ. పుట్టిన నెల ఇంటి స్థితిని బట్టి ఉండదన్న నమ్మకంతో, ఆ కొద్దిపాటి చదువు తేడా ఆదాయంలో ఎంత కనిపిస్తోందో వాళ్లు చూశారు. మామూలు రిగ్రెషన్ ఇచ్చినదానికి దగ్గరి జవాబే వచ్చింది. పుట్టిన కాలం వల్ల చదువులో వచ్చే తేడా మరీ చిన్నదనీ, దాని మీద అంత బరువు మోపలేమనీ 1995లో మరికొందరు ఆర్థికవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు.